1 వోల్ట్ పల్స్ ఇస్తే ఎల్ఎం358 నుంచి త్రిభుజం వస్తోంది, బ్యాండ్‌విడ్త్ సరిపోతోంది కదా?

కాంతిపల్స్

అందరికీ నమస్కారం. ఫొటోడయోడ్ మొదటి స్టేజ్ నుంచి నాకు 0.1 నుంచి 1 వోల్ట్ దాకా ఎత్తున్న పల్సులు వస్తాయి. ఒక్కో పల్స్ వెడల్పు 10 మైక్రోసెకన్లు, సెకనుకు సుమారు వెయ్యి వస్తాయి. వాటిని పది రెట్లు పెంచి ఏడీసీ కార్డుకు ఇవ్వాలి. కార్డు ఇన్‌పుట్ 0 నుంచి 10 వోల్టులు. పల్స్ ఎత్తే నేను కొలవాల్సింది.

ఎల్ఎం358 ఆప్ యాంప్, ప్లస్ మైనస్ 15 వోల్టుల సప్లై, నాన్ ఇన్వర్టింగ్, కింద 1 కిలోఓమ్, ఫీడ్‌బ్యాక్‌లో 9.1 కిలోఓమ్. నా లెక్క ఇది: గెయిన్ బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జ్, గెయిన్ 10, కాబట్టి బ్యాండ్‌విడ్త్ 100 కిలోహెర్ట్జ్. 0.35 ని దాంతో భాగిస్తే రైజ్ టైమ్ 3.5 మైక్రోసెకన్లు. 10 మైక్రోసెకన్ల పల్స్‌కి మూలలు కాస్త గుండ్రంగా వచ్చినా, పైన చదును రావాలి.

ఫొటోడయోడ్ తీసేసి ఫంక్షన్ జనరేటర్ పెట్టి చూశాను. 1 వోల్ట్ పల్స్ ఇస్తే 10 వోల్టుల పల్స్ రాలేదు. 3.1 వోల్టుల దగ్గర మొన తేలిన త్రిభుజం వచ్చింది. ఎక్కడానికి 10 మైక్రోసెకన్లు, దిగడానికి మరో 10. అదే 20 మిల్లీవోల్టులు ఇస్తే 0.2 వోల్టుల పల్స్ చక్కగా, పైన చదునుగా వస్తోంది. అదే చిప్, అవే రెసిస్టర్లు. లెక్క ఎక్కడ తప్పింది?

గుండ్రని_మూల

బ్రదర్, ముందు ప్రోబ్ చూసుకోండి. స్కోప్ ముందున్న కాలిబ్రేషన్ పిన్‌కి తగిలించి, ప్రోబ్ మీది చిన్న స్క్రూ తిప్పి స్క్వేర్ వేవ్ మూలలు సరిచేశారా? సరిచేయకపోతే ఏ పల్స్ అయినా వంకరగానే కనిపిస్తుంది. ప్రోబ్ ఒకటో స్థానంలో ఉంటే కెపాసిటెన్స్ కూడా ఎక్కువ, పదో స్థానంలో పెట్టండి. పైగా బ్రెడ్‌బోర్డ్ అయితే దాని కెపాసిటెన్స్ ఒకటి.

కాంతిపల్స్

ప్రోబ్ పదో స్థానంలోనే ఉంది, సరిచేశాను. జనరేటర్ అవుట్‌పుట్‌ని అదే ప్రోబ్‌తో చూస్తే అంచు నిటారుగా ఉంది. 20 మిల్లీవోల్టులకి బాగా చూపించే ప్రోబ్ 1 వోల్ట్‌కి తప్పు చూపిస్తుందా?

గెయిన్_గిరి

మీ లెక్క పద్ధతి సరైనదే, చిప్ చాలలేదు. ఎల్ఎం358 గెయిన్ బ్యాండ్‌విడ్త్ పాత షీట్లలో 0.7 మెగాహెర్ట్జే. వేగమైన పల్స్‌లో హార్మోనిక్స్ బోలెడుంటాయి, అవి కోసుకుపోతే పల్స్ వంగిపోతుంది. గెయిన్ బ్యాండ్‌విడ్త్ ఎక్కువున్న చిప్ పెడితే సమస్య తీరిపోతుంది. నా దగ్గరైతే ఓపీ27 పెడతాను, 8 మెగాహెర్ట్జ్. లేదంటే గెయిన్‌ని రెండు స్టేజిలుగా విడదీయండి, మూడు పాయింట్ రెండు చొప్పున. ఒక్కో స్టేజికి బ్యాండ్‌విడ్త్ మూడు రెట్లవుతుంది.

బెంచ్_బాబాయ్

గిరి గారూ, బ్యాండ్‌విడ్త్ తక్కువైతే 20 మిల్లీవోల్టుల పల్స్ కూడా అదే నిష్పత్తిలో చెడాలి. ఫిల్టర్‌కి ఎత్తుతో పని లేదు. చిన్న పల్స్ బాగా వచ్చి పెద్దది పాడైందంటే హార్మోనిక్స్ కోత కారణం కాదు.

కాంతిపల్స్ గారూ, మీ ప్రశ్నలోనే జవాబుంది. 10 మైక్రోసెకన్లలో 3.1 వోల్టులు ఎక్కింది, అంటే మైక్రోసెకనుకు 0.31 వోల్ట్. ఎల్ఎం358 షీట్‌లో స్లూ రేట్ అని ఉన్న గడి చూడండి, అవుట్‌పుట్ కదలగల గరిష్ఠ వేగం అదే, 0.3 ఉంటుంది. చిప్ తన శక్తి మేరకు పరిగెత్తింది, గమ్యం చేరకముందే మీరు పల్స్ ఆపేశారు, అక్కడినుంచి అదే వేగంతో వెనక్కి దిగింది.

ఒక పని చేయండి. ఇన్‌పుట్ ఎత్తుని 20 మిల్లీవోల్టులు, 0.1, 0.3, 0.5, 1 వోల్ట్‌గా మార్చుతూ అవుట్‌పుట్ మొన ఎంతో రాయండి. వెడల్పు మాత్రం కదపొద్దు.

కాంతిపల్స్

కొలిచాను. 20 మిల్లీవోల్టులకి 0.2 వోల్ట్. 0.1 కి 1 వోల్ట్, పైన చదును ఉంది కానీ ఎక్కే గీత నిటారుగా లేదు. 0.3 కి 2.85. 0.5 కి 3.1. 1 వోల్ట్‌కి మళ్ళీ 3.1.

0.5 కీ 1 కీ తేడా లేదంటే నా కొలత మొత్తం పోయినట్టే కదా.

బెంచ్_బాబాయ్

అవును. ఇలాంటి పనిలో అసలు ప్రమాదం అదే. ఆకారం చెడితే కంటికి కనిపిస్తుంది, కానీ ఏడీసీ వెనకున్న సాఫ్ట్‌వేర్‌కి 0.4 వోల్టుల పల్సూ 1 వోల్ట్ పల్సూ ఒకటే అంకెగా కనిపిస్తాయి, సిగ్నల్ అక్కడికే సంతృప్తమైపోయిందని పొరబడతాం. సప్లైకి తగిలి కోసుకుపోయిందేమో అని వెతుకుతాం, కానీ సప్లై ఇంకా పది వోల్టులకు పైగా దూరంలో ఉంటుంది.

ఇక లోపల ఏం జరుగుతోందో చెబుతాను. 741 తో చెబితే సులువు, ఎందుకంటే దాని లోపలి బొమ్మ అందరికీ తెలుసు. 1968లో ఫెయిర్‌చైల్డ్‌లో డేవ్ ఫుల్లగార్ గీసినప్పుడు 30 పికోఫారడ్ కెపాసిటర్ చిప్ లోపలే పెట్టాడు. మొదటి స్టేజ్ ఒక జత ట్రాన్సిస్టర్లు, వాటికి పైనుంచి ఒకే కరెంట్ సోర్స్, దగ్గరదగ్గర 20 మైక్రోఆంపియర్లు. రెండు ఇన్‌పుట్లు సమానంగా ఉంటే ఆ కరెంట్ చెరిసగం. ప్లస్ ఇన్‌పుట్ ఓ 5 మిల్లీవోల్టులు పెరిగితే కొంచెం ఇటు మొగ్గుతుంది, ఆ తేడా కెపాసిటర్‌ని నింపుతుంది, అవుట్‌పుట్ కదులుతుంది. తేడా ఎంత ఎక్కువైతే అంత వేగం. ఇంతవరకూ మీరు వేసిన బ్యాండ్‌విడ్త్ లెక్క పనిచేస్తుంది.

కానీ ప్లస్ ఇన్‌పుట్ మీద ఒక్కసారిగా 1 వోల్ట్ పడిందనుకోండి. అవుట్‌పుట్ ఇంకా సున్నా దగ్గరే ఉంది కాబట్టి మైనస్ ఇన్‌పుట్ కూడా సున్నాలోనే ఉంది. రెండిటి మధ్య తేడా పూర్తి 1 వోల్ట్. ట్రాన్సిస్టర్ల జత తక్కెడ ఒక పక్కకి పూర్తిగా వాలిపోయింది. ఉన్న 20 మైక్రోఆంపియర్లూ ఒకవైపే పోతున్నాయి. అంతకుమించి ఇవ్వడానికి ఆ కరెంట్ సోర్స్ దగ్గర లేదు. స్థిరమైన కరెంట్ కెపాసిటర్‌లోకి పోతే వోల్టేజ్ నేరుగా గీత గీసినట్టు ఎక్కుతుంది:

```
slope = I / C = 20 uA / 30 pF = 0.67 V/us
```

741 షీట్‌లో 0.5 అని ఉంటుంది, చేతి లెక్కకి ఇది చాలా దగ్గర. ఇక్కడినుంచి ఇన్‌పుట్‌కి 1 వోల్ట్ ఇచ్చినా 5 వోల్టులు ఇచ్చినా చిప్‌కి ఒకటే, వాలిన తక్కెడ ఇంకా వాలదు. ఫీడ్‌బ్యాక్ ఉన్నట్టే కనిపిస్తుంది గానీ ఆ కాసేపు అది అదుపులో లేదు.

గుండ్రని_మూల

మరి కెపాసిటర్ చిన్నది పెడితే అయిపోయేది కదా? 30 బదులు 3 పికోఫారడ్‌లు పెట్టుంటే స్లూ రేట్ పది రెట్లయ్యేది.

బెంచ్_బాబాయ్

అయ్యేది, దాంతోపాటు ఫాలోయర్‌గా పెట్టగానే ఆసిలేటర్ కూడా అయ్యేది. ఆ కెపాసిటర్ పెట్టిందే గెయిన్ 1 దగ్గర కూడా స్థిరంగా ఉండేందుకు. గెయిన్ బ్యాండ్‌విడ్త్, స్లూ రేట్ రెండూ అదే కెపాసిటర్‌తో భాగించి వచ్చేవి. మొదటిదాంట్లో పైన ఉండేది ఇన్‌పుట్ జత ట్రాన్స్‌కండక్టెన్స్, రెండోదాంట్లో పైన ఉండేది దాని మొత్తం కరెంట్.

మామూలు బైపోలార్ జతలో ట్రాన్స్‌కండక్టెన్స్ కరెంట్‌తోపాటే పెరుగుతుంది. అందుకే ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పెంచడం కష్టం. జేఫెట్ జతలో అదే కరెంట్‌కి ట్రాన్స్‌కండక్టెన్స్ బాగా తక్కువ, కాబట్టి చిన్న కెపాసిటర్‌తోనే స్థిరంగా ఉంటుంది. టీఎల్072 గెయిన్ బ్యాండ్‌విడ్త్ 741 కి మూడు రెట్లే, 3 మెగాహెర్ట్జ్. స్లూ రేట్ మాత్రం 13. ఆ 13 వెనకున్న రహస్యం ఇంతే.

గిరి గారు చెప్పిన ఓపీ27 కి ఇదే పరీక్ష పెడదాం. 8 మెగాహెర్ట్జ్, గెయిన్ 10, బ్యాండ్‌విడ్త్ 800 కిలోహెర్ట్జ్, కాగితం మీద రైజ్ టైమ్ 0.44 మైక్రోసెకను. కానీ దాని స్లూ రేట్ 2.8. పది వోల్టులు ఎక్కడానికి మూడున్నర మైక్రోసెకన్లు పడుతుంది. కాగితం లెక్కకి ఎనిమిది రెట్లు. ఓపీ27 తక్కువ నాయిస్ కోసం చేసిన చిప్, మంచిదే, ఈ పనికి మాత్రం కాదు.

గెయిన్_గిరి

సరే, ఓపీ27 విషయం ఒప్పుకుంటున్నాను, షీట్‌లో స్లూ రేట్ చూడలేదు. కానీ రెండు స్టేజిలుగా విడదీస్తే? ఒక్కో స్టేజి మీద భారం తగ్గుతుంది కదా.

బెంచ్_బాబాయ్

బ్యాండ్‌విడ్త్ భారం తగ్గుతుంది. స్లూ రేట్ అడిగేది గెయిన్‌ని కాదు, అవుట్‌పుట్ పిన్ ఎంత దూరం ఎంతసేపట్లో కదలాలి అని. చివరి స్టేజి గెయిన్ 3 అయినా 10 అయినా దాని పిన్ 10 వోల్టులే కదలాలి. ఎల్ఎం358 లు రెండు వరసగా పెడితే అదే త్రిభుజం వస్తుంది. మొదటి స్టేజికి నెమ్మది చిప్, చివరిదానికి వేగం చిప్ పెట్టొచ్చు, అది వేరే సంగతి.

నలభై_కిలోలు

మధ్యలో దూరుతున్నాను, నా సమస్య కూడా ఇలాంటిదేనా? అల్ట్రాసోనిక్ రిసీవర్, 40 కిలోహెర్ట్జ్. ఎల్ఎం358 రెండు భాగాలూ వాడాను, మొదటిది 20 రెట్లు, రెండోది 10 రెట్లు. అడ్డు గోడ దూరంగా ఉంటే సైన్ వేవ్ బాగుంది. దగ్గరికి జరిపితే సైన్ పోయి ట్రయాంగిల్ వేవ్ వస్తోంది, ఎత్తు కూడా ఒకచోట ఆగిపోతోంది. పల్స్ కాదు కదా, సైన్‌కి కూడా స్లూ రేట్ వర్తిస్తుందా?

బెంచ్_బాబాయ్

వర్తిస్తుంది. సైన్ సున్నాని దాటేచోట వాలు అన్నిటికన్నా ఎక్కువ, అక్కడే దొరికిపోతుంది. అంత వాలుని తట్టుకునే గరిష్ఠ ఎత్తు ఇలా తీయండి:

```
Vpeak = SR / (2*pi*f) = 0.3e6 / (6.28 * 40e3) = 1.19 V
```

పీక్ 1.2 వోల్టులు దాటితే మీ సైన్ మెల్లగా నేరు గీతలుగా మారుతుంది. ఇంకా పెంచితే పూర్తి ట్రయాంగిల్. అరసైకిల్ 12.5 మైక్రోసెకన్లు, దాన్ని 0.3 తో గుణిస్తే 3.75, కింద మొన నుంచి పై మొనకి అంతే వస్తుంది. మీ స్కోప్ మీద సుమారు ఇదే కనిపిస్తూ ఉండాలి.

మీకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మొదటి స్టేజి గెయిన్ 20 అన్నారు. 0.7 మెగాహెర్ట్జ్ చిప్‌కి 40 కిలోహెర్ట్జ్ దగ్గర మిగిలేదే 17 రెట్లు. అక్కడ మీకు బ్యాండ్‌విడ్త్ చాలదు, రెండో స్టేజిలో స్లూ రేట్ చాలదు. ఒకే సర్క్యూట్‌లో రెండు జబ్బులు.

నలభై_కిలోలు

కింద నుంచి పైకి 3.6 వోల్టులు వస్తోంది! అర్థమైంది. నాకు దూరం మాత్రమే కావాలి కాబట్టి ట్రయాంగిల్ వచ్చినా ఫరవాలేదా?

బెంచ్_బాబాయ్

ఎకో మొదలైన క్షణం మాత్రమే చూసేట్టయితే చాలామటుకు నడుస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ జీరో క్రాసింగ్ వెనక్కి జరుగుతుంది, ఎందుకంటే స్లూలో పడ్డ వేవ్ ఇన్‌పుట్ కన్నా వెనకబడి నడుస్తుంది. మిల్లీమీటర్లు లెక్కపెట్టాలంటే తేడా వస్తుంది. మీ ప్రశ్నని వేరే చర్చగా పెట్టండి, ఇక్కడ కాంతిపల్స్ గారిది ఆగిపోతుంది.

సిమ్_శాస్త్రి

ఒక సందేహం. నేను ఇదే సర్క్యూట్‌ని ఎల్‌టీస్పైస్‌లో వేశాను. ఏసీ విశ్లేషణలో 100 కిలోహెర్ట్జ్ దాకా గెయిన్ బాగానే ఉంది. ఇన్‌పుట్ 1 వోల్ట్ ఇచ్చినా, 100 వోల్టులు ఇచ్చినా గెయిన్ గ్రాఫ్ మారలేదు. సిమ్యులేషన్ బాగుందంటోంది, బోర్డు బాగోలేదంటోంది.

బెంచ్_బాబాయ్

ఏసీ విశ్లేషణ ముందు సర్క్యూట్‌ని ఒక బిందువు దగ్గర సరళరేఖగా మార్చేసుకుంటుంది, ఆ తర్వాత మీరు 100 వోల్టులిచ్చినా అది ఇసుమంత సిగ్నల్ కిందే లెక్క. స్లూ రేట్ అందులో ఎప్పటికీ కనిపించదు. ట్రాన్సియంట్ వేయాలి. ఆ లైబ్రరీలో ఉండే మామూలు ఆదర్శ ఆప్ యాంప్‌కి స్లూ పరిమితి లేదు, కాబట్టి దాంతో ట్రాన్సియంట్ వేసినా బాగుందనే చెబుతుంది. `UniversalOpamps2` తీసుకుని దాని విలువలు మార్చండి:

```
Avol=100k GBW=1Meg Slew=300k
V1 in 0 PULSE(0 1 5u 50n 50n 10u 100u)
.tran 0 60u 0 10n
```

`Slew` అక్కడ సెకనుకు వోల్టుల్లో ఉంటుంది, అందుకే 300k. 0.3 అని రాస్తే అవుట్‌పుట్ అసలు కదలదు, చాలామంది అక్కడ ఆగిపోతారు.

సిమ్_శాస్త్రి

వచ్చింది, 3 వోల్టుల త్రిభుజం. తర్వాత `PULSE` లో 1 తీసి 0.02 పెట్టాను, మామూలు గుండ్రని పల్స్ వచ్చింది. 0.05 దగ్గరినుంచి ఎక్కే గీత మొదట్లో నేరు గీత ముక్క కనిపించడం మొదలైంది.

బెంచ్_బాబాయ్

ఆ 0.05 ఎక్కడినుంచి వచ్చిందో చూడండి, ఇది పనికొచ్చే లెక్క. స్లూ పరిమితి లేని చిప్ అయితే స్టెప్ ఇచ్చిన తొలి క్షణంలో అవుట్‌పుట్ ఎంత వేగంగా లేవాలి? చివరి ఎత్తుని 2π తో, బ్యాండ్‌విడ్త్‌తో గుణించాలి. ఆ వేగం స్లూ రేట్ కన్నా తక్కువైతే బ్యాండ్‌విడ్త్‌దే రాజ్యం. ఎక్కువైతే స్లూ వస్తుంది.

```
Vout_limit = SR / (2*pi*fc) = 0.3e6 / (6.28 * 100e3) = 0.48 V
```

అవుట్‌పుట్‌లో 0.48, అంటే ఇన్‌పుట్‌లో 48 మిల్లీవోల్టులు. అంతకన్నా చిన్న స్టెప్‌కి కాంతిపల్స్ గారి మొదటి లెక్క అక్షరాలా సరిపోతుంది. పెద్ద స్టెప్ అయితే ముందు నేరుగా గీత, ఆఖరి అర వోల్ట్ మాత్రం గుండ్రం. వారి 1 వోల్ట్ పల్స్ పూర్తిగా ఎక్కాలంటే 9.5 వోల్టులు స్లూలో, అంటే 32 మైక్రోసెకన్లు, ఆపై తోక మరో రెండు మూడు. పది మైక్రోసెకన్లలో అయ్యే పని కాదు.

కాంతిపల్స్

ఇప్పుడు విషయం పూర్తిగా అర్థమైంది. ఏ చిప్ వెయ్యాలి? నాకు ఎక్కడం 1 మైక్రోసెకను చుట్టుపక్కల అయిపోతే చాలు, పైన చదును ఉంటే ఏడీసీ మధ్యలో కొలుస్తుంది. సొరుగులో టీఎల్072, ఎన్ఈ5532 ఉన్నాయి.

బెంచ్_బాబాయ్

రెండూ వేసి చూడండి, పిన్నులు ఎల్ఎం358 వే, సాకెట్‌లో మార్చేయడమే. చూసేటప్పుడు రైజ్ టైమ్ ఒక్కటే రాయొద్దు. అంచు గీతలా ఉందా, గుండ్రంగా ఉందా చూడండి. ఆపై ఇన్‌పుట్‌ని 1 నుంచి 0.5 కి తగ్గించి రైజ్ టైమ్ మారిందా చూడండి. ఎత్తు సగమైతే సమయం కూడా సగమైతే స్లూ. ఎత్తు తగ్గినా సమయం కదలకపోతే బ్యాండ్‌విడ్త్.

టీఎల్072 ని ఒక్క 5 వోల్టుల సప్లై మీద మాత్రం పెట్టొద్దు. దాని ఇన్‌పుట్ మైనస్ సప్లై దాకా రాదు, దగ్గరికి వెళ్తే అవుట్‌పుట్ తలకిందులవుతుంది. మీ ప్లస్ మైనస్ 15 కి ఇబ్బంది లేదు. వాడని రెండో భాగం ప్లస్ ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి, అవుట్‌పుట్‌ని మైనస్ ఇన్‌పుట్‌కి కలిపేయండి. సప్లై పిన్నుల దగ్గరే ఒక్కొక్కటి 0.1 మైక్రోఫారడ్.

కాంతిపల్స్

ఇవి కొలతలు, అన్నీ 10 నుంచి 90 శాతం.

టీఎల్072: 1 వోల్ట్‌కి 1.2 మైక్రోసెకన్లు. మొదట్లో చిన్న నేరు గీత ముక్క, తర్వాతంతా గుండ్రం. 0.5 కి తగ్గించినా 1.15, దాదాపు మారలేదు.

ఎన్ఈ5532: 1 వోల్ట్‌కి 0.9. స్కేలు పెట్టి గీసినట్టు నేరుగా ఎక్కి పైన మూల దగ్గర చటుక్కున ఆగింది. 0.5 కి సుమారు సగం.

రెండిటికీ పైన చదును వచ్చింది, 10 వోల్టులు వచ్చాయి.

గెయిన్_గిరి

విచిత్రం. దాదాపు ఒకే రైజ్ టైమ్, కానీ ఒకటి బ్యాండ్‌విడ్త్ వల్ల ఆగింది, ఇంకోటి స్లూ వల్ల.

బెంచ్_బాబాయ్

అదే చూపిద్దామని రెండూ వేయమన్నాను. టీఎల్072 కి గెయిన్ 10 దగ్గర మిగిలేది 300 కిలోహెర్ట్జ్. 10 వోల్టులకి తొలి వేగం 18.8 కావాలి, ఉన్నది 13. కాబట్టి మొదటి 3 వోల్టులు మాత్రమే స్లూలో పోయి, మిగతా ఏడూ గుండ్రంగా వచ్చాయి. 5532 కి బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జ్ ఉంది, తొలి వేగం 63 కావాలి, ఉన్నది 9. అందుకే ఎనిమిదిన్నర వోల్టుల దాకా నేరుగా వెళ్ళింది.

ఇప్పుడు ఇంకా వేగం కావాలంటే ఏం కొనాలో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. టీఎల్072 స్థానంలో స్లూ రేట్ రెట్టింపున్నది పెట్టినా పెద్ద లాభం లేదు, దానికి చాలనిది బ్యాండ్‌విడ్త్. 5532 స్థానంలో బ్యాండ్‌విడ్త్ రెట్టింపున్నది పెట్టినా లాభం లేదు, దానికి చాలనిది స్లూ. టీఎల్072 కన్నా రెండూ పెరగాలంటే ఓపీఏ2134, 8 మెగాహెర్ట్జ్, స్లూ 20. ఇంకా కావాలంటే ఎల్ఎం318, 15 మెగాహెర్ట్జ్, స్లూ కనీసం 50. ఇది సింగిల్ కాబట్టి పిన్నులు వేరు, డీకప్లింగ్ విషయంలో ఎల్ఎం358 లాగా క్షమించదు.

తీగలమారి

బాబాయ్ గారు 5532 గురించి ఒక సంగతి చెప్పలేదు. దాని రెండు ఇన్‌పుట్ల మధ్య లోపలే ఎదురెదురు డయోడ్లుంటాయి. స్లూలో ఉన్నంతసేపూ రెండు ఇన్‌పుట్ల మధ్య తేడా 0.6 వోల్ట్ దాటితే అవి తెరుచుకుని సోర్స్ నుంచి కరెంట్ లాగుతాయి. జనరేటర్ 50 ఓమ్‌లది కాబట్టి మీకు తెలియలేదు. అసలు ఫొటోడయోడ్ స్టేజ్ పెట్టాక పల్స్ మొదట్లో ఇన్‌పుట్ మీదే ఒక గంటు కనిపించవచ్చు.

బెంచ్_బాబాయ్

నిజమే, చెప్పాల్సింది. మీ రెసిస్టర్లతో కరెంట్ మిల్లీఆంపియర్‌లో సగం దాటదు, చిప్‌కి ప్రమాదం లేదు. కానీ ముందు స్టేజి ఆప్ యాంప్ కాకుండా నేరుగా పెద్ద రెసిస్టెన్స్ ఉన్న సోర్స్ అయితే ఆకారం మారుతుంది. ఈ ఒక్క కారణంతో నేనైతే ఇక్కడ టీఎల్072 నే ఉంచుతాను.

తీగలమారి

నేనైతే 5532 ఉంచుతాను. ముందు స్టేజి ఆప్ యాంపే అయ్యుంటుంది కదా. బ్యాండ్‌విడ్త్ మూడు రెట్లుంది, మూల దగ్గర తోక లేదు. టీఎల్072 కి 10 వోల్టుల్లో ఒక శాతం లోపలికి రావడానికి రెండున్నర మైక్రోసెకన్లు పడుతుంది. ఏడీసీ త్వరగా కొలిస్తే తప్పు చదువుతుంది.

కాంతిపల్స్

ఏడీసీ అంచు తర్వాత 6 మైక్రోసెకన్లకి కొలుస్తుంది, కాబట్టి రెండూ నడుస్తాయనుకుంటున్నాను. ఒక విషయం మాత్రం అర్థం కాలేదు. టీఎల్072 ని సరదాగా ఫాలోయర్‌గా పెట్టి 10 వోల్టుల స్టెప్ ఇచ్చాను. పైకి ఎక్కే వాలూ కిందికి దిగే వాలూ ఒకటి కావు, ఒకవైపు మొదట్లో చిన్న గెంతు కూడా ఉంది. గెయిన్ 10 లో పెడితే ఆ తేడా బాగా తగ్గింది.

బెంచ్_బాబాయ్

ఫాలోయర్‌లో రెండు ఇన్‌పుట్లూ 10 వోల్టులు కదలాలి, కాబట్టి ఇన్‌పుట్ జతకి కరెంటిచ్చే నోడ్ కూడా కదలాలి. ఆ నోడ్ మీదున్న చిన్న కెపాసిటెన్స్ ఒక దిశలో కరెంట్‌ని కలుపుతుంది, ఇంకో దిశలో తీసేస్తుంది. గెయిన్ 10 లో ఇన్‌పుట్లు 1 వోల్టే కదులుతాయి, ఆ ప్రభావం పదో వంతు.

తీగలమారి

అదొక్కటే కాకపోవచ్చు. లోపలి రెండో స్టేజ్ కిందికి లాగే బలం, పైకి నెట్టే కరెంట్ సోర్స్ బలం సమానం కాని చిప్‌లున్నాయి. ఇన్వర్టింగ్‌గా, గెయిన్ మైనస్ 1 లో పెట్టి అదే 10 వోల్టులు కదిలించి చూడండి. అక్కడ ప్లస్ ఇన్‌పుట్ గ్రౌండ్‌లోనే నిలబడుతుంది. వాలుల తేడా పోతే బాబాయ్ గారు చెప్పిందే కారణం, మిగిలితే నేను చెప్పింది.

కాంతిపల్స్

10 కిలోఓమ్‌లు రెండు పెట్టి ఇన్వర్టింగ్‌లో చూశాను. గెంతు పూర్తిగా పోయింది. వాలుల తేడా తగ్గింది కానీ పోలేదు, పైకి 14, కిందికి 12. ఇంకో టీఎల్072 ముక్క పెడితే 13, 12.5 వచ్చింది.

తీగలమారి

రెండో ముక్క వేరే తయారీదారుదా? చిప్ మీది అక్షరాలు, పక్కన లోగో చూసి చెప్పండి.